ఇరవైనాలుగు పుటల ప్రణాళిక, ఒక నిమిషం ప్రసంగం: ఏటికొప్పాక లక్క బొమ్మల సంస్థ ఉదాహరణగా ఒక పరిశీలన

వ్యాపార ప్రణాళికను ఒక నిమిషం ప్రసంగంగా కుదించడాన్ని చాలామంది సంక్షిప్తీకరణగా భావిస్తారు. పాఠ్యాంశానికి సారాంశం రాసినట్లు ప్రతి అధ్యాయం నుంచి కొంత తీసి వరుసగా పేర్చుతారు. ఫలితంగా వచ్చే ప్రసంగంలో అన్నీ ఉంటాయి, ఏదీ వినేవారి మనసులో నిలవదు. ప్రణాళిక, నిమిషం ప్రసంగం రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు కావడమే దీనికి కారణం. ‘ఈ వ్యాపారం అన్ని వైపుల నుంచీ నిలబడుతుందా?’ అన్న ప్రశ్నకు ప్రణాళిక సమాధానం చెబుతుంది. ‘దీని మీద మరో అరగంట వెచ్చించవచ్చా?’ అన్న ప్రశ్నకు మాత్రమే నిమిషం ప్రసంగం సమాధానం చెప్పాలి. నిమిషం విని డబ్బు పెట్టే మదుపరి ఎవరూ ఉండరు. మరోసారి కలవడానికి మాత్రమే ఒప్పుకుంటారు.

అంకుర సంస్థల లోకంలో ఈ నిమిషానికి స్థిరమైన స్థానం ఏర్పడింది. 2005లో అమెరికాలో మొదలైన వై కాంబినేటర్ తన దరఖాస్తుతో పాటు వ్యవస్థాపకులు మాట్లాడే ఒక నిమిషం వీడియోను అడుగుతుంది. 2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ ప్రారంభమైన తరువాత తెలుగు ప్రాంతంలోనూ ‘పిచ్’ అన్న మాట ఇంజినీరింగు కళాశాలల దాకా వ్యాపించింది. అయితే ఈ విషయంపై దొరికే సూచనలు ఎక్కువగా ఆంగ్ల ప్రసంగాన్ని దృష్టిలో పెట్టుకున్నవి, సాఫ్ట్‌వేర్ సంస్థలను ఉద్దేశించినవి. చేతివృత్తి మీద ఆధారపడిన సంస్థ తెలుగులో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ సూచనలు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో ఒక ఉదాహరణతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణ నేపథ్యం

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు పేరుపొందింది. మెత్తగా, సన్నని పొరతో ఉండే అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఆకృతి తీస్తారు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తరువాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. రసాయన రంగులు ఈ వృత్తిని కమ్ముకున్న కాలంలో గింజలు, వేళ్లు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను తిరిగి ప్రవేశపెట్టడంలో సి.వి. రాజు కృషి ముఖ్యమైనది. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఇతివృత్తం ఈ బొమ్మలే.

ఇక్కడి నుంచి చెప్పే సంస్థ, దాని ప్రణాళిక, అందులోని అంకెలు ఈ వ్యాసం కోసం ఊహించుకున్నవి. సంస్థ మూడేళ్లలోపు పిల్లలకు వలయాల బొమ్మలు అమ్ముతుంది. ఒక పొడవాటి కర్రకు పెద్దది మొదలు చిన్నది వరకు రంగురంగుల వలయాలు గుచ్చే ఆట ఇది. పన్నెండు లేత్‌లు ఉన్న కుటుంబాలతో ఒప్పందం ఉంది. ప్రణాళిక 24 పుటలు, ఎనిమిది అధ్యాయాలు: చరిత్ర, ఉత్పత్తి, ముడిసరుకు-తయారీ, మార్కెట్, పోటీ, బృందం, ప్రచారం, ఆర్థిక అంచనాలు. వీటిలో చరిత్ర ఒక్కటే ఆరు పుటలు.

మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమవుతుంది

ఇటువంటి ప్రణాళికతో నిలబడిన వ్యవస్థాపకులు సహజంగానే చరిత్రతో మొదలుపెడతారు. ఊరి పేరు, నది పేరు, తరతరాల నైపుణ్యం, జీఐ, పద్మశ్రీ, శకటం. ఇవన్నీ నిజాలే, వినసొంపైనవే. కానీ ఇవి పూర్తయ్యేసరికి నలభై సెకన్లు గడిచిపోతాయి. పైగా వినేవారు ఈ మాటలను ఒక సాంస్కృతిక కార్యక్రమ పరిచయంగా వింటారు. ‘మంచి పని చేస్తున్నారు’ అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలే ప్రమాద సూచన. వ్యాపారంగా వినివుంటే ధర ఎంత, ఎంతమంది కొన్నారు, నెలకు ఎన్ని చేయగలరు అని అడిగేవారు. ప్రసంగం తరువాత వచ్చే మొదటి ప్రశ్న ఏ తరహాదో గమనిస్తే, ఆ నిమిషం దేన్ని చేరవేసిందో తెలిసిపోతుంది. ‘ఈ కళ ఎన్నేళ్ల నాటిది?’ అన్నది మొదటి ప్రశ్న అయితే ప్రసంగాన్ని తిరగరాయవలసిందే.

చరిత్ర గురించి చెప్పకూడదని దీని అర్థం కాదు. కొనుగోలుదారు నిర్ణయాన్ని మార్చే మేరకే చరిత్రకు చోటుండాలి. బిడ్డ నోట్లో పెట్టుకునే వస్తువు కొంటున్న తల్లికి ఊరి ప్రాచీనత కంటే రంగులో ఏముందన్నదే ముఖ్యం. సహజ రంగుల చరిత్ర ఆరు పుటలూ ఆమె దృష్టిలో ఆ ఒక్క ప్రశ్నకు దారితీసే మేరకే విలువైనవి.

అధ్యాయానికి ఒక వాక్యం

కుదింపు పని అసలు మొదలయ్యేది ఇక్కడ. ప్రతి అధ్యాయాన్నీ ఒకే ఒక వాక్యంగా రాయాలి. ఆ వాక్యంలో విశేషణాలు ఉండకూడదు, కర్త ఉండాలి, వీలైన చోట అంకె ఉండాలి. ‘నాణ్యమైన ఉత్పత్తులకు అపారమైన గిరాకీ ఉంది’ అన్నది వాక్యం కాదు, అలంకారం. ‘నాలుగు నెలలుగా చేసిన సెట్లన్నీ అదే నెలలో అమ్ముడయ్యాయి’ అన్నది వాక్యం.

ఎనిమిది వాక్యాలూ ఒకే కాగితం మీదికి వచ్చినప్పుడు విస్తారమైన ప్రణాళికలో కనిపించనిది ఒకటి కనిపిస్తుంది. ఉదాహరణ ప్రణాళికలో తొమ్మిదవ పుట ఇలా చెబుతుంది: ఒక్కో లేత్ మీద రోజుకు 4 సెట్లు వస్తాయి, నెలకు 25 పని దినాలు, 12 లేత్‌లు. అంటే నెలకు 1,200 సెట్లు, ఏడాదికి 14,400. సెట్టు ధర 650 రూపాయలు కాబట్టి ఏడాది అమ్మకాలు 93.6 లక్షలు దాటవు. ఇరవైఒకటవ పుటలోని ఆర్థిక అంచనా మూడవ ఏడాదికి అమ్మకాలు 5 కోట్లు అంటుంది. అందుకు దాదాపు 77 వేల సెట్లు కావాలి. అదే వేగంతో అన్ని సెట్లు చేయాలంటే 64 లేత్‌లు ఉండాలి. ప్రణాళికలో ఎక్కడా పన్నెండుకు మించి లేత్‌ల ప్రస్తావన లేదు. అడుగుతున్న పెట్టుబడిలో ఎక్కువ భాగం ప్రచారానికి కేటాయించారు.

రెండు పుటల మధ్య పన్నెండు పుటల దూరం ఉన్నంతకాలం ఈ వైరుధ్యం రాసినవారికే కనబడదు. తయారీ అధ్యాయం ఒకరు, ఆర్థిక అధ్యాయం మరొకరు రాసినప్పుడు ఇది మరీ సాధారణం. రెండు వాక్యాలు పక్కపక్కన నిలిచినప్పుడు దాచడానికి చోటుండదు. ప్రసంగం కోసమని మొదలైన కుదింపు ప్రణాళికనే సరిదిద్దే సందర్భం ఇదే. ఈ దశను దాటవేసి నేరుగా ప్రసంగపాఠం రాసేవారు 5 కోట్ల మాటను వేదిక మీదికి తీసుకెళతారు. వృత్తి పనితనం తెలిసిన మదుపరి ఒక్క భాగహారంతో దాన్ని కూల్చివేస్తాడు.

ఈ వైరుధ్యం తేలిన తరువాత అడిగే మొత్తమూ, దాని ప్రయోజనమూ మారతాయి. చేసిన సరుకంతా అమ్ముడవుతున్నప్పుడు ప్రచారానికి డబ్బు అడగడం అర్థరహితం. కొరత ఉత్పత్తిలో ఉంది. లక్క పూత అచ్చులో పోసి వేలకొద్దీ తీసేది కాదు. కర్ర సరిగా ఆరకపోతే తరువాత పగులుతుంది, ఆరబెట్టడానికి నీడా గాలీ ఉన్న చోటు కావాలి. కొత్తగా పని నేర్చుకునేవారికి నేర్చుకునే కాలంలో భృతి ఇవ్వాలి. కాబట్టి సవరించిన ప్రణాళిక 12 లేత్‌లను 24 చేయడానికి 18 లక్షలు అడుగుతుంది. ఇందులో లేత్‌లకు 4.8 లక్షలు, పన్నెండుమందికి ఆరు నెలల భృతికి 7.2 లక్షలు, షెడ్డుకు 4 లక్షలు, రంగుల పరీక్షలకు 2 లక్షలు. ఉత్పత్తి రెట్టింపైతే ఏడాది అమ్మకాలు 1.87 కోట్లకు చేరతాయి. 5 కోట్లతో పోలిస్తే ఇది చిన్న అంకె. అయితే దీని వెనక లేత్‌ల లెక్క ఉంది.

రెండు ప్రమాదకరమైన మాటలు

నిమిషంలో ప్రతి మాటా తరువాతి అరగంటలో పరీక్షకు నిలవాలి. ఏటికొప్పాక బొమ్మల విషయంలో రెండు మాటలు తరచుగా అదుపు తప్పే అవకాశం ఉంది.

మొదటిది ‘మాకు జీఐ ఉంది’. జీఐ ఒక ప్రాంతపు ఉత్పత్తికి వచ్చే సామూహిక గుర్తింపు. ఏ ఒక్క సంస్థకూ అది పేటెంటులా గుత్తహక్కు ఇవ్వదు. నమోదైన అధీకృత వినియోగదారులందరూ ఆ పేరు వాడుకోవచ్చు. అంకుర సంస్థ దాన్ని పోటీదారులను నిలువరించే కవచంగా చెప్పుకుంటే, న్యాయపరమైన అవగాహన ఉన్న శ్రోతకు అది అజ్ఞానంగానో అతిశయోక్తిగానో తోస్తుంది. ‘జీఐ పొందిన ఏటికొప్పాక కళాకారులతో పని చేస్తున్నాం’ అన్నంతవరకే నిజం. ఇంతకంటే కురుచగా చెప్పాలంటే ఊరి పేరు చాలు.

రెండవది ‘సురక్షితం’. బొమ్మల నాణ్యతపై కేంద్రం 2020లో జారీచేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకూ, జీఐ ఉత్పత్తుల యజమానులకూ, అధీకృత వినియోగదారులకూ మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మినహాయింపు ఉన్నదంటే పరీక్షలో నెగ్గినట్లు కాదు. అలాగే కళాకారుల వద్ద కొని తన పేరుతో అమ్మే సంస్థ ఆ మినహాయింపు తనకూ వర్తిస్తుందని అనుకోవడానికి వీల్లేదు. ‘సహజ రంగు కాబట్టి సురక్షితం’ అన్న తర్కమూ పూర్తిగా నిలవదు. రంగు నిలవడానికి లోహ లవణాలు వాడే పద్ధతులు సహజ రంగుల తయారీలోనూ ఉన్నాయి. బొమ్మల భద్రతా ప్రమాణమైన ఐఎస్ 9873లోని మూడవ భాగం సీసం, కాడ్మియం వంటి మూలకాలు బొమ్మ నుంచి ఎంత మేరకు బయటికి వస్తాయో కొలుస్తుంది. ఆ కొలత చేయించి, ఫలితం చేతిలో పెట్టుకుని మాట్లాడటమే మార్గం. అప్పుడు ‘సురక్షితం’ అన్న విశేషణం అవసరమే ఉండదు, ‘పరీక్షించాం’ అన్న క్రియ సరిపోతుంది. రంగు పరీక్షతో పని ముగియదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడిపోయే చిన్న భాగాలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం కూడా చూడాలి. ఆ వివరం నిమిషంలో ఇమడదు, అరగంటలో తప్పక వస్తుంది.

నిమిషం పాఠం

పై వడపోత తరువాత మిగిలిన ప్రసంగం ఇది. అంకెలను పలికే రూపంలోనే రాయడం జరిగింది.

‘మూడేళ్లలోపు పిల్లలు బొమ్మను చేత్తో పట్టుకుని ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. అందుకే తల్లిదండ్రులు ముందుగా అడిగేది రంగు గురించే. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, చెట్ల రంగులు కలిపిన లక్కతో చేసిన వలయాల బొమ్మను మేం అమ్ముతున్నాం. ప్రతి రంగునూ ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితాన్ని పెట్టె మీదే ముద్రిస్తున్నాం. సెట్టు ధర ఆరువందల యాభై రూపాయలు. సెట్టుకయ్యే ఖర్చు పోగా నూటయాభై మిగులుతుంది. పన్నెండు లేత్‌ల మీద నెలకు పన్నెండువందల సెట్లు చేస్తున్నాం. నాలుగు నెలలుగా ఏ నెలలోనూ మిగల్లేదు. ఇప్పుడు కొరత కొనేవాళ్లకు కాదు, చేసే చేతులకు. మరో పన్నెండు లేత్‌లకూ, శిక్షణకూ, కర్ర ఆరబెట్టే షెడ్డుకూ పద్దెనిమిది లక్షలు కావాలి. ఏడాదిన్నరలో ఉత్పత్తి రెట్టింపవుతుంది. వచ్చే వారం అరగంట సమయమిస్తే పరీక్ష పత్రాలూ లెక్కలూ చూపిస్తాం.’

ఇందులో ‘సెట్టుకయ్యే ఖర్చు పోగా’ అన్న పదబంధం గమనించదగినది. మొదటి ముసాయిదాలో సహజంగా వచ్చే మాట ‘ఖర్చులన్నీ పోగా’. 650 రూపాయల్లో కళాకారుల కూలి 220, కర్ర-లక్క-రంగులు 110, పెట్టె-రవాణా 90, అమ్మకపు ఖర్చు 80 పోతే మిగిలేది 150. కార్యాలయపు అద్దె, జీతాలు ఇందులో లేవు. ‘అన్నీ’ అన్న ఒక్క మాట నిజాన్ని అబద్ధంగా మార్చేస్తుంది. పొట్టిగా చెప్పాలన్న తాపత్రయంలో ఎక్కువగా రాలిపోయేవి ఇటువంటి పరిమితి సూచించే మాటలే. కొత్త ముసాయిదా రాసిన ప్రతిసారీ వీటినే ముందుగా సరిచూసుకోవాలి.

పదాలు కాదు, అక్షరాలు

నిమిషానికి 150 పదాలు అన్నది ఆంగ్ల ప్రసంగ శిక్షణలో తరచుగా వినిపించే కొలత. దీన్ని తెలుగుకు వర్తింపజేస్తే ప్రసంగం నిమిషంన్నర దాటుతుంది. విభక్తులూ క్రియాప్రత్యయాలూ పదంలోనే కలిసిపోయే భాష కావడంతో తెలుగు పదం సగటున పొడవైనది. పై పాఠంలో పదాలు 83 మాత్రమే. ఛందస్సులో లెక్కించినట్లు ఉచ్చరించే అక్షరాలను లెక్కిస్తే 274 వస్తాయి, అంటే పదానికి మూడుకు పైగా. వేదిక మీద స్పష్టంగా, సెకనుకు ఐదు అక్షరాల చొప్పున పలికితే 55 సెకన్లు పడుతుంది. వాక్యాల మధ్య విరామాలకు మిగిలేది ఐదు సెకన్లే. ఆరు అక్షరాల వేగంతో 46 సెకన్లలో ముగిసి, ఊపిరి పీల్చుకోవడానికి చోటు దొరుకుతుంది. అదే 150 పదాల పాఠమైతే దాదాపు 500 అక్షరాలు, సెకనుకు ఐదు చొప్పున 100 సెకన్లు. వేగం మనిషిని బట్టి మారుతుంది కాబట్టి వక్త తన పాఠాన్ని ఒకసారి నిలకడగా చదివి, పట్టిన సెకన్లతో అక్షరాల సంఖ్యను భాగించి తన వేగం తెలుసుకోవాలి. ఆపైన తన పరిమితి ఎన్ని అక్షరాలో తేలుతుంది.

ఈ లెక్క అంకెల అసలు ఖరీదును కూడా బయటపెడుతుంది. కాగితం మీద 4,87,50,000 అన్నది పదకొండు గుర్తుల పొడవే. పలికితే ‘నాలుగు కోట్ల ఎనభై ఏడు లక్షల యాభై వేల రూపాయలు’. ఇరవైఒక్క అక్షరాలు, నాలుగు సెకన్లు. అంత ఖర్చుపెట్టినా విన్నవారికి గుర్తుండేది ‘అయిదు కోట్ల లోపు’ అన్న భావమే. పై పాఠంలోని అంకెలు తక్కువ, అన్నీ గుండ్రనివి. పైగా ఒకదాన్నుంచి మరొకటి శ్రోత తానే లెక్కకట్టుకోగలిగినవి: పన్నెండు లేత్‌లకు పన్నెండువందలు, లేత్‌లు రెట్టింపైతే సెట్లూ రెట్టింపు. చివర 1.87 కోట్ల అంకె చెప్పకపోవడానికి కారణం ఇదే. తెలిసిన శ్రోత దాన్ని తానే రాబట్టుకుంటాడు, తాను రాబట్టుకున్న అంకెను ఎక్కువగా నమ్ముతాడు.

సరిచూసుకునే తీరు

అద్దం ముందు అభ్యాసం గొంతును సరిచేస్తుంది కానీ పాఠాన్ని సరిచేయదు. ప్రణాళిక చదవని ఒక వ్యక్తికి నిమిషం వినిపించి, కొంత వ్యవధి తరువాత ఆ విషయాన్ని మూడో మనిషికి చెప్పమనాలి. రెండో వ్యక్తి చెప్పినదాన్ని మాటమాటగా రాసుకోవాలి. అందులో రంగుల పరీక్ష, చేతుల కొరత, పద్దెనిమిది లక్షలు ఈ మూడూ వస్తే పాఠం పని చేసినట్లు. ‘ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతారట’ అన్నంతతో ఆగితే, రెండవ, నాలుగవ వాక్యాలు బలహీనంగా ఉన్నట్లు. కొరత విషయం తలకిందులుగా చేరి, ‘అమ్ముడుపోవడం లేదట, డబ్బు కావాలట’ అని వస్తే, తొమ్మిదవ వాక్యాన్ని నెమ్మదిగా, విరామంతో పలకవలసి ఉంటుంది. ఆ వాక్యంలో వ్యతిరేకార్థం ఉంది, వేగంగా వింటే ‘కాదు’ జారిపోతుంది.

వినేవారు మారితే పాఠమూ మారాలి. పై ప్రసంగం వాటా కోసం డబ్బు పెట్టే మదుపరిని ఉద్దేశించినది. బ్యాంకు అధికారికి రెట్టింపు వృద్ధి కంటే నెలనెలా మిగిలే మొత్తం ముఖ్యం. నెలకు 1,200 సెట్ల మీద సెట్టుకు 150 చొప్పున 1.8 లక్షలు వస్తాయి. అందులోంచి అద్దె, జీతాలు పోగా వాయిదాకు ఎంత మిగులుతుందో చెప్పాలి. ‘ఏడాదిన్నరలో రెట్టింపు’ అన్న వాక్యం స్థానంలో ఆ లెక్క వస్తుంది. హస్తకళలకు సహాయం చేసే ప్రభుత్వ సంస్థకైతే శిక్షణ పొందే పన్నెండుమంది, వారికి ఆరు నెలల తరువాత రాగల కూలి ముందుకు వస్తాయి, లాభం వెనక్కి జరుగుతుంది. మూడు సందర్భాల్లోనూ మారనివి ధర, ఉత్పత్తి సామర్థ్యం, పరీక్ష ఫలితం. ఒక శ్రోతకు చెప్పిన అంకె మరొక శ్రోతకు చెప్పినదానితో విభేదిస్తే, ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారని వ్యవస్థాపకులు గుర్తుపెట్టుకోవాలి.

తీసేసినవాటికీ చోటుంది. చరిత్రకు చెందిన ఆరు పుటలు, జీఐ వివరం, పోటీ విశ్లేషణ, అంకుడు చెట్ల లభ్యత, చిన్న భాగాల పరీక్ష, భృతి లెక్క అరగంట సమావేశానికి చేరతాయి. వాటిని ప్రశ్నల రూపంలో, ఒక్కోదానికి ముప్పై సెకన్ల సమాధానంతో విడిగా రాసిపెట్టుకోవడం మంచిది. వీటిలో అన్నిటికంటే ముందు సిద్ధం చేసుకోవలసినది అంకుడు కర్ర గురించిన సమాధానం. లేత్‌లు ఇరవైనాలుగైతే కర్ర అవసరమూ రెట్టింపవుతుంది. ఆ కర్ర ఎక్కడి నుంచి, ఏ అనుమతితో, ఎంత ధరకు వస్తుందని అడిగే మదుపరికి ప్రస్తుత ప్రణాళికలోని మూడవ అధ్యాయం ఒకటిన్నర పుటల్లో చెప్పేది చాలదు.